ధర పెరిగింది సరే, ఏ గీత కదిలింది? డిమాండ్–సప్లై బొమ్మను చదివే పద్ధతి

ఒక గ్రాఫ్ పేపరు, స్కేలు, రెండు రంగుల పెన్సిళ్లు దగ్గర పెట్టుకోండి. ఈ బొమ్మ చూస్తే వచ్చేది కాదు, గీస్తేనే వస్తుంది. మనం తీసుకునే వస్తువు ఇటుక. బట్టీవాళ్లు చాలామంది ఉన్నారు, కొనేవాళ్లూ చాలామంది ఉన్నారు, ఒకరి ఇటుకకూ ఇంకొకరి ఇటుకకూ పెద్ద తేడా లేదు. ఈ బొమ్మ సరిగ్గా పనిచేసేది ఇలాంటి సంతలోనే. ఒక్కడే అమ్మేవాడున్న చోట ధర అతను నిర్ణయించుకుంటాడు, అక్కడ సప్లై గీత అనేదే ఉండదు.

ముందు అక్షాల మీద ఏముందో చదవండి

అడ్డంగా ఉన్న అక్షం మీద పరిమాణం ఉంటుంది, నిలువు అక్షం మీద ధర ఉంటుంది. మన లెక్కలో పరిమాణం 1 అంటే వారానికి వెయ్యి ఇటుకలు, ధర అంటే వెయ్యి ఇటుకల ధర. "వారానికి" అన్న మాటను అక్షం పక్కనే రాసి పెట్టండి. కాలం చెప్పకుండా "60 వేల ఇటుకలు" అంటే దానికి అర్థం లేదు. నెలకు 60కీ వారానికి 60కీ గీతలే మారిపోతాయి.

లెక్కలు బాగా వచ్చినవాళ్లకు ఇక్కడే చికాకు పుడుతుంది. ధర మారితే కదా కొనే పరిమాణం మారేది, అలాంటప్పుడు ధర అడ్డంగా ఉండాలి కదా అంటారు. వాళ్లన్నది న్యాయమే. 1838లో ఫ్రెంచ్ ఆర్థికవేత్త కూర్నో డిమాండ్ గీతను అలాగే గీశాడు. తర్వాత 1890లో ఇంగ్లండ్ ఆర్థికవేత్త మార్షల్ పాఠ్యగ్రంథం ధరను నిలువు అక్షం మీద పెట్టింది, అదే అలవాటుగా స్థిరపడింది. కాబట్టి బొమ్మను చదివేటప్పుడు నిలువు అక్షం మీద ఒక ధర దగ్గర మొదలుపెట్టి, అక్కణ్ణుంచి అడ్డంగా గీత దాకా వెళ్లి, గీత తగిలిన చోటు నుంచి కిందికి దిగి పరిమాణం చూడాలి. వేలు ఎప్పుడూ ఇదే దారిలో నడవనివ్వండి.

రెండు గీతలూ గీయండి

ఒక్కో ధర దగ్గర కొనేవాళ్లు వారానికి ఎన్ని అడుగుతారో, అమ్మేవాళ్లు ఎన్ని తెస్తారో ఇలా అనుకుందాం. అంకెలు నేను కల్పించినవే, డబ్బు ఏ దేశానిదైనా ఫర్వాలేదు.

| ధర | కొనదలచినది | అమ్మదలచినది |
|---|---|---|
| 10 | 100 | 0 |
| 20 | 80 | 30 |
| 30 | 60 | 60 |
| 40 | 40 | 90 |
| 50 | 20 | 120 |

పట్టికనే సూత్రంగా రాస్తే ఇంతే. P అంటే ధర, Qd అంటే కొనదలచినది, అంటే డిమాండ్, Qs అంటే అమ్మదలచినది, అంటే సప్లై:

```
Qd = 120 - 2P
Qs = 3P - 30
```

ధర ఒకటి పెరిగితే కొనేవాళ్లు 2 తగ్గించుకుంటారు, అమ్మేవాళ్లు 3 ఎక్కువ తెస్తారు. ఈ 2, 3 అంకెలను గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తాయి. బిందువులు పెట్టి కలిపితే డిమాండ్ గీత ఎడమ నుంచి కుడికి దిగుతుంది, సప్లై గీత ఎక్కుతుంది, రెండూ ధర 30, పరిమాణం 60 దగ్గర కలుస్తాయి.

కలిసిన చోటే సమతౌల్యం అని రాసేసి ముందుకు వెళ్లిపోకండి. ఆ ధర ఎందుకు నిలబడుతుందో తెలియాలంటే మిగతా ధరలు ఎందుకు నిలబడవో చూడాలి. ధర 40 దగ్గర స్కేలు అడ్డంగా పెట్టండి. అది డిమాండ్ గీతను 40 దగ్గర, సప్లై గీతను 90 దగ్గర తాకుతుంది. మధ్యలో ఉన్న 50 అమ్ముడుపోని సరుకు. బట్టీల దగ్గర ఇటుకలు పేరుకుపోతాయి, ఎవరో ఒకరు ధర తగ్గిస్తారు. స్కేలును 20 దగ్గరికి దించండి. ఇప్పుడు అడిగేది 80, దొరికేది 30. ఈసారి మధ్యలో ఉన్న 50 కొరత. దొరకనివాళ్లు కాస్త ఎక్కువిచ్చి పట్టుకెళ్లడానికి సిద్ధమవుతారు, ధర ఎక్కుతుంది. స్కేలుకు రెండు గీతల మధ్య ఏ ఖాళీ మిగలనిది 30 దగ్గర మాత్రమే. ధరను కదిపేది ఈ అడ్డం ఖాళీయే. ఇక ముందంతా చేసేది దాన్ని కొలవడమే.

ఏ గీతను జరపాలో తేల్చుకోండి

బట్టీలో కాల్చే బొగ్గు ఖరీదు పెరిగింది. వెయ్యి ఇటుకలకు అదనంగా 10 ఖర్చవుతోంది. ఏ గీత జరగాలి?

దీనికి ఒకే ప్రశ్న వేసుకోండి. ధర 30 దగ్గరే ఆగి ఉందనుకుంటే, ఎవరి లెక్క మారింది? ఇల్లు కట్టుకునేవాడికి బొగ్గు సంగతి అక్కర్లేదు. ఇటుక 30కే దొరికితే అతను మునుపటిలాగే కొంటాడు. కాబట్టి డిమాండ్ గీతను ముట్టుకోకూడదు. బట్టీవాడికి మాత్రం ఇప్పటి 30 ఇంతకు ముందరి 30 కాదు. అందులో 10 బొగ్గుకు పోతే మిగిలేది 20. గతంలో ధర 20 ఉన్నప్పుడు ఎన్ని తెచ్చేవాడో ఇప్పుడు ధర 30 ఉన్నా అన్నే తెస్తాడు, అంటే 30. కదిలేది సప్లై గీత.

ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్లే "ధర పెరిగింది కాబట్టి డిమాండ్ గీత ఎడమకు జరిగింది" అన్న వాక్యం పరీక్ష పేపర్లలో అన్నిసార్లు కనిపిస్తుంది. ధర బొమ్మలోనే ఒక అక్షం మీద ఉంది. దాని మార్పు మనల్ని గీత మీద పైకో కిందికో నడిపిస్తుంది, అంతేగానీ గీతను తోయదు. గీతను తోసేది అక్షాల మీద లేని సంగతి: బొగ్గు ఖరీదు, కూలి, కొనేవాళ్ల ఆదాయం, ఇటుకకు బదులుగా వాడే కాంక్రీట్ దిమ్మెల ధర వంటివి.

గీతను జరిపి, పాత ధర దగ్గర ఖాళీ కొలవండి

కొత్త సప్లై గీతను రెండో రంగుతో గీయండి. పాత గీత మీది ప్రతి బిందువునూ 10 పైకి ఎత్తితే చాలు. ధర 20 దగ్గర 0, 30 దగ్గర 30, 40 దగ్గర 60, 50 దగ్గర 90. సూత్రం `Qs = 3P - 60` అవుతుంది.

ఇక్కడ కన్ను మోసం చేస్తుంది. గీత పైకి వెళ్లింది కదా, సప్లై పెరిగినట్టు అనిపిస్తుంది. కాదు, తగ్గింది. ఏ ధర దగ్గరైనా స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే కొత్త గీత పాత గీతకు ఎడమవైపు 30 దూరంలో ఉంటుంది. అందుకే సప్లై గీత విషయంలో "పైకి, కిందికి" అన్న మాటలు మానేసి "ఎడమకు, కుడికి" అనే అలవాటు చేసుకోండి. ఎడమ అంటే తగ్గడం, కుడి అంటే పెరగడం. రెండు గీతలకూ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు స్కేలును పాత ధర 30 దగ్గర పెట్టండి. కొనేవాళ్లు ఇంకా 60 అడుగుతున్నారు, వచ్చేది 30. కొరత 30. ధర ఎటు పోతుందో ఇక్కడే తెలిసిపోయింది, పైకి. ఎంత దాకా? ధర ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా కొనేవాళ్లు 2 వదులుకుంటారు, అమ్మేవాళ్లు 3 ఎక్కువ తెస్తారు, అంటే కొరత 5 చొప్పున పూడుతుంది. 30 పూడాలంటే 6 మెట్లు. కొత్త ధర 36. పరిమాణం కోసం ఏదో ఒక గీత మీద చూడండి: 120లోంచి 72 తీసేస్తే 48. సప్లై గీత మీద చూసినా 108లోంచి 60 పోతే 48. రెండూ సరిపోయాయి. సరిపోకపోతే ఎక్కడో పాత గీతను వాడారన్న మాట. సాధారణంగా జరిగే పొరపాటు అదే.

ఎక్కడ ఎలా నడిచామో ఒకసారి బొమ్మ మీద వేలితో చూడండి. డిమాండ్ గీత కదల్లేదు, మనమే దాని మీద 60 నుంచి 48కి ఎక్కాం. సప్లై గీత ఎడమకు జరిగింది, ఆ కొత్త గీత మీద మళ్లీ 30 నుంచి 48కి ఎక్కాం. మొదట సప్లై 60 నుంచి 30కి పడిపోయినా ధర పెరిగేసరికి 18 తిరిగి వచ్చింది. ఆ తిరిగిరావడాన్ని చూసి "సప్లై మళ్లీ పెరిగింది, కాబట్టి గీతను కుడికి జరపాలి" అని కొందరు పెన్సిల్ ఎత్తుతారు. దించేయండి. ఇంకొందరు దీన్ని అంతులేని చక్రంగా చెబుతారు: ధర పెరిగితే గిరాకీ తగ్గుతుంది, గిరాకీ తగ్గితే ధర తగ్గుతుంది, తగ్గితే మళ్లీ గిరాకీ పెరుగుతుంది... వినడానికి బాగుంటుంది గానీ అలా జరగదు. ధర పెరిగినందువల్ల కొనడం తగ్గితే కొరత పూడుతుంది, పూడాక ధరను కదిపేది ఏదీ మిగలదు. 36 దగ్గర స్కేలు పెట్టి చూడండి, ఖాళీ లేదు.

ఖర్చు 10 పెరిగితే ధర 6 మాత్రమే ఎందుకు పెరిగింది?

బొగ్గు భారం మొత్తం కొనేవాడి నెత్తినే పడుతుందనుకుంటే ధర 40 కావాలి. గీతలో 40 ఎక్కడుందో చూడండి. కొత్త సప్లై గీత మీద 60కి ఎదురుగా ఉంది. అంటే మునుపటిలాగే 60 తయారవ్వాలంటే అమ్మేవాళ్లకు 40 రావాలి. కానీ ధర 40 అయితే కొనేవాళ్లు 40 మాత్రమే కొంటారు, 20 మిగిలిపోతాయి. అందుకే ధర 40 దాకా ఎక్కకుండానే ఆగింది. కొనేవాళ్లు 6 ఎక్కువ ఇస్తున్నారు. అమ్మేవాళ్లు 36 తీసుకుని అందులో 10 బొగ్గుకు పోగా 26తో సరిపెట్టుకుంటున్నారు, ఇంతకు ముందు 30 మిగిలేది. 6 కొనేవాడి వాటా, 4 అమ్మేవాడి వాటా. బొగ్గు బదులు ప్రభుత్వం వెయ్యి ఇటుకల మీద 10 పన్ను వేసినా లెక్క అచ్చంగా ఇదే. "పన్ను అమ్మేవాడు కట్టాలి" అని చట్టంలో రాసినంత మాత్రాన భారమంతా అతని మీదే ఉండిపోదు.

ఈ పంపకం గీతల వాలును బట్టి ఉంటుంది. డిమాండ్ గీతను చెరిపేసి, అదే బిందువు గుండా, అంటే ధర 30, పరిమాణం 60 గుండా, ఇంకా నిటారుగా ఒకటి గీయండి. కొనేవాళ్లకు వేరే దారి లేదు, ధర 4 పెరిగినా 3 మాత్రమే తగ్గించుకుంటారనుకోండి. పాత ధర దగ్గర కొరత మారలేదు, 30యే. కానీ ఒక్కో మెట్టుకు పూడేది ముప్పావు, మూడు కలిసి 3.75 మాత్రమే. 30ని 3.75తో భాగిస్తే 8. ధర 38కి చేరుతుంది, పరిమాణం 54 దగ్గర ఆగుతుంది. ఈసారి బాగా పడుకున్నట్టుండే గీత గీయండి. దగ్గర్లోనే చవకగా కాంక్రీట్ దిమ్మెలు దొరుకుతాయి, ధర ఒకటి పెరిగితే 7 తగ్గించేసుకుంటారు. ఒక్కో మెట్టుకు 10 పూడుతుంది, 3 మెట్లు చాలు. ధర 33, పరిమాణం 39. ఒకే బొగ్గు, ఒకే 10. ఒకచోట ధర 8 ఎక్కింది, ఇంకోచోట 3. తప్పించుకోలేనివాడే ఎక్కువ మోస్తాడు. ధర ఎంత పెరుగుతుందో చెప్పమంటే, జరిగిన గీతను ఎంతసేపు చూసినా సరిపోదు. జరగని గీత వాలును కూడా చూడాలి.

ఇప్పుడు రెండో గీతను జరపండి

పాత బొమ్మకు తిరిగి రండి, బొగ్గు ఖరీదు పెరగలేదు, ధర 30, పరిమాణం 60. ఇళ్ల అప్పుల మీద వడ్డీ తగ్గింది. కట్టుకునేవాళ్లు పెరిగారు, ఏ ధర దగ్గరైనా మునుపటికంటే 30 ఎక్కువ అడుగుతున్నారు. అదే ప్రశ్న: ధర 30 దగ్గరే ఉంటే ఎవరి లెక్క మారింది? కొనేవాళ్లది. డిమాండ్ గీత 30 కుడికి జరుగుతుంది, `Qd = 150 - 2P`. పాత ధర దగ్గర అడిగేది 90, ఉన్నది 60, కొరత 30. 5 చొప్పున పూడితే 6 మెట్లు. ధర 36.

మళ్లీ 36! బొగ్గు ఖరీదు పెరిగినా 36, కట్టుబడి పెరిగినా 36. బజారులో ధర ఒక్కటే విన్నవాడికి ఈ రెండింటికీ తేడా తెలియదు. తేడా కింది అక్షం మీద ఉంది. బొగ్గు వల్ల అయితే పరిమాణం 60 నుంచి 48కి పడింది. వడ్డీ వల్ల అయితే 60 నుంచి 78కి పెరిగింది.

ఇది తిరగేసి వాడండి. ఒక్క గీతే జరిగిందనుకుంటే, ధర, పరిమాణం రెండూ ఒకే దిక్కుకు కదిలితే కదిలింది డిమాండ్ గీత. ఒకటి ఎక్కి ఇంకొకటి దిగితే కదిలింది సప్లై గీత. పేపర్లో "ధరలు పెరిగాయి" అని చదివితే వెంటనే అడగాల్సింది, అమ్మకం పెరిగిందా తగ్గిందా అని.

పెద్దవాళ్లే ఇక్కడ తడబడ్డారు. అమెరికన్ ఆర్థికవేత్త హెన్రీ మూర్ 1914లో పిగ్ ఐరన్ అనే ముడి ఇనుము ధరలు, పరిమాణాల గణాంకాలకు గీత అమర్చి, దాని డిమాండ్ గీత పైకి ఎక్కుతోందని ప్రకటించాడు. ధర పెరిగితే ఎక్కువ కొంటారా అని విమర్శలు వచ్చాయి. జరిగింది వేరు. పరిశ్రమలు జోరుగా నడిచిన ఏళ్లలో ఇనుముకు డిమాండ్ గీత కుడికి, మందగించిన ఏళ్లలో ఎడమకు జరుగుతూ ఉంటే, ఖండన బిందువులన్నీ సప్లై గీత వెంబడి పరుచుకుంటాయి. ఆయన పట్టుకున్నది ఒక రకంగా సప్లై గీత. 1927లో మరో అమెరికన్ ఆర్థికవేత్త ఎల్మర్ వర్కింగ్ ఈ చిక్కును విప్పి చెప్పాడు: గణాంకాల్లో మనకు దొరికేవి ఖండన బిందువులే, గీతలు కాదు. ఏ గీత ఎక్కువగా ఊగిందో తెలియకుండా బిందువులను కలిపితే వచ్చేది ఏ గీతో చెప్పలేం. మీ బొమ్మలో పరీక్షించండి: (60, 30), (78, 36) బిందువులు రెండింటినీ కలిపితే అచ్చంగా పాత సప్లై గీత వస్తుంది.

రెండూ ఒకేసారి కదిలితే

ఒక్కో గీతను విడిగా జరిపి, పాత ధర దగ్గర మిగిలిన ఖాళీని కొలవండి, పద్ధతి మారదు. బొగ్గు ఖరీదు పెరిగింది, కట్టుబడీ పెరిగింది అనుకోండి. 30 దగ్గర అడిగేది 90, వచ్చేది 30, కొరత 60, 12 మెట్లు. ధర 42, పరిమాణం 66. ధర పెరగడం ఖాయం గానీ పరిమాణం ఎటు పోతుందో అంకెలు లేకుండా ముందే చెప్పలేం. బొగ్గు దెబ్బ ఇంకా గట్టిగా ఉంటే అది 60 కంటే కిందికే పడేది.

బొగ్గు ఖరీదు పెరిగి, అదే సమయంలో కట్టుబడి తగ్గి డిమాండ్ గీత 30 ఎడమకు జరిగితే? 30 దగ్గర అడిగేది 30, వచ్చేది 30. ఖాళీ సున్నా. ధర అంగుళం కదల్లేదు, అమ్మకం మాత్రం సగానికి సగం పోయింది.

ఇదే 30, 30 ఇంకో దారిలో కూడా వస్తుంది. బొగ్గు ఖరీదు ఒక్కటే పెరిగింది, కానీ ధర 30 దాటకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. అమ్ముడయ్యేది అప్పుడూ 30యే. ధర, పరిమాణం రెండు అంకెలూ ఒకేలా ఉన్నాయి. మొదటి దాంట్లో 30కి కొనాలనుకున్న ప్రతివాడికీ ఇటుక దొరికింది. రెండో దాంట్లో డిమాండ్ గీత ఇంకా 60 దగ్గరే ఉంది, మరో 30 వేల ఇటుకలు కావలసినవాళ్లు వరుసలో నిలబడ్డారు. ఆ వరుసలో ముందు ఎవరికి ఇస్తారన్నది ఈ బొమ్మలో ఎక్కడా ఉండదు.